విదేశంలో ఉంటూనే వారసత్వ భూమి అమ్మడం ఎలా

తండ్రి పోయాక వాటాకు వచ్చిన భూమిని అమ్మాలంటే వారసుడు స్వయంగా సబ్ రిజిస్ట్రారు ఎదుట నిలబడి తీరాలన్న నియమం లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే అతని తరఫున మరొకరు సంతకం చేసి దస్తావేజు దాఖలు చేసే వీలు కల్పించింది. ఆ మరొకరికి అధికారం ఇచ్చే కాగితాన్నే పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. ఊళ్లలో 'పవర్' అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది. అయితే అమ్మకం ఆగిపోవడం గానీ, మోసం జరగడం గానీ సాధారణంగా ఈ కాగితం దగ్గర మొదలవదు. దానికి ముందు రికార్డుల్లో వారసుడి పేరు ఎక్కకపోవడం, దాని తర్వాత డబ్బు వేరే ఖాతాకు పోవడం, ఈ రెండు చోట్లే ఎక్కువమంది దెబ్బ తింటారు.

ఒక ఉదాహరణ తీసుకుంటే దారి సులువుగా తెలుస్తుంది. అన్నమయ్య జిల్లాలోని ఒక పల్లెలో ఒక రైతుకు 2 ఎకరాల 40 సెంట్ల మెట్ట ఉందనుకుందాం. అది ఆయన సొంత డబ్బుతో కొన్నది. వీలునామా రాయకుండానే పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, పెళ్లయిన కూతురు ఉన్నారు. చిన్న కొడుకు కువైట్‌లో డ్రైవరు. అతనికి ఇప్పట్లో సెలవు దొరకదు. ఎకరా 15 లక్షల చొప్పున కొనడానికి పక్క ఊరి రైతు ఒకరు ముందుకొచ్చారు. భూమి మొత్తం కలిపి అమ్మేయాలని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు.

మొదట తేలాల్సింది ఎవరి వాటా ఎంత అన్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇలాంటి స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా చెందుతుంది. కనుక తలా 60 సెంట్లు. కూతురికి పెళ్లిలో కట్నం ఇచ్చామన్న మాట ఇక్కడ చెల్లదు. ఇంకో వారసురాలిని చాలామంది మరిచిపోతారు. చనిపోయిన రైతు తల్లి బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది, అప్పుడు భూమి నాలుగు కాదు, ఐదు భాగాలవుతుంది. నాయనమ్మ సంతకం లేకుండా రిజిస్టరైన దస్తావేజు ఆమె వాటా మేరకు ఎప్పటికైనా వివాదంలో పడుతుంది. తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మారుతుంది. ముస్లిం కుటుంబాల్లో షరియత్ వాటాలు, క్రైస్తవ కుటుంబాల్లో 1925 నాటి భారత వారసత్వ చట్టం వాటాలు వర్తిస్తాయి.

వాటా ఉండడం వేరు, రికార్డులో కనబడడం వేరు. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకుని తండ్రి పేరిట ఉన్న భూమిని వారసుల పేర్లకు మార్పించాలి. దీన్నే మ్యుటేషన్ అంటారు. విచారణ ముగిశాక వెబ్‌ల్యాండ్‌లోని 1-బి నమోదులో వారసుల పేర్లు వస్తాయి. కొనేవాడు మొదట చూసేది ఆ 1-బినీ, అడంగల్‌నూ. అక్కడ ఇంకా చనిపోయిన తండ్రి పేరే ఉంటే కువైట్ నుంచి ఎంత పక్కా పవర్ వచ్చినా బేరం ముందుకు సాగదు. అందుకే పవర్ రాయించడానికి ముందే ఊళ్లో ఉన్న అన్న చేత మ్యుటేషన్ పని మొదలుపెట్టించాలి. వరుస తిరగబడితే పవర్ చేతిలో ఉండి రికార్డు కోసం నెలలు ఎదురుచూడాల్సి వస్తుంది.

ఇదే దశలో ఇంకొన్ని చూసుకోవాలి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. తాతకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డు రావొచ్చు. చుక్కల భూమి అయితే ముందు ఆ చుక్క పోవాలి. ఈసీ తీయించి పాత తాకట్లు, బ్యాంకు అప్పులు ఉన్నాయేమో తెలుసుకోవాలి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. పవర్‌లో పాత సర్వే నంబరు ఒక్కటే రాసి పంపితే కొత్త రికార్డుతో అది సరిపోలదు. విస్తీర్ణంలో కూడా తేడా వచ్చి ఉండొచ్చు. కాబట్టి షెడ్యూలులో పాత నంబరు, ఎల్‌పీఎం నంబరు, తాజా 1-బిలో ఉన్న విస్తీర్ణం మూడూ రాయడం మంచిది.

ఇక పవర్ ఎవరికి ఇవ్వాలి? ఉదాహరణలోని అన్న దగ్గరే ఉన్నాడు, పని తెలిసినవాడు, కానీ అతనూ ఒక అమ్మకందారే. తన బేరంతో పాటు తమ్ముడి బేరమూ మాట్లాడేటప్పుడు ఇద్దరి లాభం ఒకటే అయితే చిక్కు లేదు. అన్నే ఆ భూమిని కొనుక్కోవాలనుకుంటే మాత్రం అతనికి పవర్ ఇవ్వకూడదు. ఏజెంటు యజమానికి చెప్పకుండా, అతని సమ్మతి లేకుండా తనకు తానే అమ్ముకుంటే, ముఖ్యమైన సంగతి దాచాడని గానీ తనకు నష్టం జరిగిందని గానీ తేలినప్పుడు ఆ లావాదేవీని యజమాని తోసిపుచ్చవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతోంది. కానీ తోసిపుచ్చడమంటే కోర్టుకు వెళ్లడం. కొనేవాడూ కాని, అమ్మేవాడూ కాని మనిషి, మేనమామో ఊళ్లో ఉన్న భార్యో అయితే ఆ బాధ తప్పుతుంది. మధ్యవర్తికీ, రియల్ ఎస్టేట్ ఏజెంటుకీ పవర్ ఇవ్వడం అన్నిటికన్నా ప్రమాదం.

పవర్ రెండు రకాలు. జనరల్ పవర్ అంటే జీపీఏ. అందులో ఆస్తులన్నిటి మీదా, పనులన్నిటి మీదా అధికారం పోతుంది. స్పెషల్ పవర్ అంటే ఒక్క పనికి, ఒక్క ఆస్తికి మాత్రమే. 60 సెంట్ల వాటా అమ్మకానికి స్పెషల్ పవర్ చాలు. విదేశంలో ఉన్నవాడి రక్షణ అంతా ఆ కాగితం ఎంత ఇరుకుగా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. అలాగని మరీ ఇరుకైనా పని జరగదు. ఇలాంటి కాగితాల్లో రాసిన మాటకు మించి అధికారం ఉందని కోర్టులు ఊహించవు. భూమిని 'చూసుకోవడానికి, నిర్వహించడానికి' అని రాసిన పవర్‌తో అమ్మడం కుదరదు. 'అమ్మడానికి' అని ఉండి, విక్రయ దస్తావేజు మీద సంతకం చేసి సబ్ రిజిస్ట్రారు ముందు దాఖలు చేసి అంగీకరించడానికి అని లేకపోతే ఆఫీసులో అభ్యంతరం వస్తుంది.

కువైట్ డ్రైవరు రాయించే కాగితంలో అందుకే ఈ సంగతులు విడివిడిగా ఉండాలి. ఫలానా సర్వే నంబరులో, ఫలానా హద్దుల మధ్య ఉన్న భూమిలో విభజన కాని తన నాలుగో వంతు వాటాను, మిగతా వారసులతో కలిసి, ఎకరా 15 లక్షలకు తగ్గకుండా అమ్మే అధికారం ఇస్తున్నానని రాయాలి. విక్రయ దస్తావేజు రాయించి సంతకం చేసి రిజిస్టరు చేయించే అధికారం ఉండాలి. డబ్బు మాత్రం కొనేవారు నేరుగా తన బ్యాంకు ఖాతాకు జమ చేయాలని, నగదు తీసుకునే అధికారం ఏజెంటుకు లేదని, ఖాతా నంబరుతో సహా చెప్పాలి. ఏజెంటు మరొకరికి ఈ అధికారం బదలాయించరాదని, ఆరు నెలలకో రిజిస్ట్రేషన్ పూర్తయిన రోజుకో, ఏది ముందైతే ఆ రోజుకు పవర్ దానంతటదే రద్దవుతుందని ఒక వాక్యం చేర్చాలి. ఊళ్లో దస్తావేజు లేఖరి దగ్గర ముసాయిదా రాయించి, కొనేవాడి న్యాయవాదికి చూపించి, ఆ తర్వాతే కువైట్‌కు పంపించుకోవడం తెలివైన పద్ధతి. తప్పు దొరికితే అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. ఎంబసీ ముద్ర పడ్డాక దిద్దడానికి వీలుండదు.

పేరు దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకమైన బాధ ఒకటుంది. 1-బిలో ఇంటిపేరు మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, అదీ పేరు తర్వాత ఉంటుంది. ఆధార్‌లో మరోలా ఉండొచ్చు. ఈ మూడూ ఒక్కరివేనని తేల్చడానికి పవర్‌లో తండ్రి పేరుతో పాటు పేరు రెండు రూపాల్లోనూ రాసి, పాస్‌పోర్టు నంబరు, ఆధార్‌లో పేరు ఎలా ఉందో ప్రస్తావించాలి. తేడా అక్షరాన్ని దాటి ఉంటే విడిగా అఫిడవిట్ కూడా జతచేయడం మేలు.

ఇప్పుడు సంతకం, ధ్రువీకరణ. రిజిస్ట్రేషన్ చట్టంలోని 33వ సెక్షన్ ప్రకారం భారతదేశంలో నివసించని వ్యక్తి ఇచ్చే పవర్, నోటరీ గానీ, కోర్టు గానీ, న్యాయమూర్తి లేదా మేజిస్ట్రేటు గానీ, భారత కాన్సులు లేదా వైస్ కాన్సులు గానీ, కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి గానీ చూస్తుండగా రాయబడి, వారి చేత ధ్రువీకరించబడాలి. కువైట్‌లోని డ్రైవరుకు వీటిలో సులువైనది భారత రాయబార కార్యాలయం. అక్కడి స్థానిక నోటరీ దారి పట్టుకుంటే కాగితం అరబ్బీలో తయారై, కువైట్ విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఎంబసీ ముద్ర, అనువాదం, ఇలా పని పెరుగుతుంది. విదేశీ పత్రాలను ఒకే ముద్రతో గుర్తించే అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది. ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా కూడా అందులో చేరాయి. కువైట్, ఖతార్, ఎమిరేట్స్ చేరలేదు. అమెరికాలో ఉండే తెలుగువారు ఎక్కువగా నోటరీ సంతకం, దాని మీద అక్కడి రాష్ట్ర ప్రభుత్వపు అపోస్టిల్ అనే దారిని వాడుకుంటారు. గల్ఫ్ కార్మికుడికి మాత్రం ఎంబసీయే దగ్గరి దారి.

ఎంబసీకి గానీ, దాని తరఫున దరఖాస్తులు తీసుకునే కేంద్రానికి గానీ వెళ్లేటప్పుడు కాగితం మీద ముందే సంతకం చేసి తీసుకుపోవడం సాధారణంగా జరిగే తప్పు. ధ్రువీకరణ అంటేనే అధికారి కళ్ల ముందు సంతకం చేయడం. అసలు పాస్‌పోర్టు, కువైట్ సివిల్ ఐడీ, ఫొటోలు కావాలి. మామూలుగా ఇద్దరు సాక్షులను, వారి గుర్తింపు కాగితాలతో సహా తీసుకెళ్లాల్సి ఉంటుంది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంటే అది చేతికొచ్చాకే అపాయింట్‌మెంట్ పెట్టుకోవాలి. ఇంగ్లిష్ రానివారు ముసాయిదాలో ఏముందో తెలిసినవారి చేత చదివించుకుని అర్థం చేసుకున్నాకే సంతకం చేయాలి. ప్రతి పేజీ మీద సంతకం, ఫొటో మీద ముద్ర పడ్డాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోవాలి. ఒక్క పేజీ వదిలేసినా ఊళ్లో సబ్ రిజిస్ట్రారు దాన్నే పట్టుకుంటారు.

ముద్ర పడిన అసలు కాగితం కొరియర్లో గానీ, ఊరికి వెళ్లే నమ్మకస్తుడి చేతికిచ్చి గానీ పంపాలి. ఇక్కడొక గడువు మొదలవుతుంది. విదేశంలో రాసిన పత్రం భారతదేశానికి మొదట చేరిన రోజు నుంచి మూడు నెలల్లోపు దానికి స్టాంపు సుంకం కట్టాలని 1899 నాటి స్టాంపు చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. అందుకోసం పవర్‌ను జిల్లా రిజిస్ట్రారు కార్యాలయానికి తీసుకెళ్తారు. ఎప్పుడు అందిందో చూపడానికి కొరియర్ కవరు, రసీదు సాక్ష్యం. కవరు చించి పారేస్తే అందిన తేదీ నిరూపించడం కష్టమవుతుంది. గడువు దాటిన కాగితానికి జరిమానా పడొచ్చు, కొత్త పవర్ తెప్పించుకోవాల్సి రావొచ్చు. స్టాంపు పడ్డాక దాన్ని పట్టుకుని ఏజెంటు, మిగతా ముగ్గురు వారసులతో కలిసి భూమి ఉన్న పరిధిలోని సబ్ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్తాడు. కువైట్‌లో ఉన్నవాడి తరఫున తన వేలిముద్ర, ఫొటో ఇస్తాడు. దస్తావేజులో అమ్మకందారుగా రాసేది కువైట్‌లో ఉన్న తమ్ముడి పేరే, అతని తరఫున ఏజెంటు ఫలానా అని దాని పక్కన వస్తుంది.

కొనేవాడి వైపు నుంచి రెండు అనుమానాలు రావడం సహజం. పవర్ ఇచ్చినవాడు బతికే ఉన్నాడా, ఇచ్చాక రద్దు చేయలేదు కదా అని. యజమాని చనిపోతే మామూలు పవర్ అక్కడితో ముగుస్తుంది. రద్దు చేసినా ముగుస్తుంది, కాకపోతే ఆ రద్దు ఏజెంటుకు తెలిసినప్పటి నుంచి, బయటివారి విషయంలో వారికి తెలిసినప్పటి నుంచి అమల్లోకి వస్తుంది. రిజిస్ట్రేషన్ రోజున యజమాని వీడియో కాల్లో కొనేవాడితో మాట్లాడి ధర, ఖాతా నంబరు తన నోటితో చెప్పడం ఈ అనుమానానికి మంచి జవాబు. చట్టం కోరేది కాకపోయినా అది ఇద్దరినీ కాపాడుతుంది. ఏజెంటు ఎక్కువ ధరకు అమ్మి తక్కువ చెప్పినా అక్కడే బయటపడుతుంది.

కొనేవాడు మరో రకంగా అడిగే సందర్భమూ ఉంది. 'రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకు, నా పేరిట జీపీఏ రాసివ్వండి, డబ్బు ఇచ్చేస్తాను' అంటాడు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు జీపీఏ, అగ్రిమెంటు, వీలునామాల ద్వారా జరిగే అమ్మకాలతో యాజమాన్యం మారదని తేల్చింది. అంటే భూమి ఇంకా అమ్మినవాడి పేరిటే ఉండి, దాని మీద అపరిమిత అధికారం మాత్రం పరాయివాడి చేతిలో ఉంటుంది. అతను దాన్ని ఇంకొకరికి అమ్మినా, గొడవలు వచ్చినా కోర్టు కాగితాల్లో కువైట్ డ్రైవరు పేరే కనబడుతుంది. ఇలాంటి బేరానికి తలొగ్గకూడదు.

సెక్షన్ 22 అని హిందూ వారసత్వ చట్టంలో ఒకటుంది. తోటి వారసుడు తన వాటా బయటివారికి అమ్మాలనుకుంటే మిగతా వారసులకు దాన్ని కొనుక్కునే మొదటి హక్కు ఉంటుంది. ఇది సాగు భూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అందరూ కలిసి అమ్మే మన ఉదాహరణలో దీనితో పని లేదు. తమ్ముడు ఒక్కడే తన 60 సెంట్లు అమ్మాలనుకుంటే మాత్రం మిగతా ముగ్గురికీ ముందు రాతపూర్వకంగా చెప్పి, వద్దని వారి సంతకాలు తీసుకోవడం మంచిది.

ఇక డబ్బు సంగతి. 2 ఎకరాల 40 సెంట్లకు మొత్తం 36 లక్షలు, తమ్ముడి వాటాకు 9 లక్షలు. ఈ డబ్బు అతని ఎన్‌ఆర్‌వో ఖాతాకు రావాలి. కువైట్‌కు వెళ్లకముందు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా విదేశంలో పనికి చేరాక ఎన్‌ఆర్‌వోగా మారి ఉండాలి. చాలామంది ఆ పని చేయరు. ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఈ డబ్బు నేరుగా వేయకూడదు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం కింద నిషేధం, తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ధర సగం తెల్లగా, సగం నల్లగా ఇస్తానన్న బేరంలో ఆ నల్ల సగం ఎవరి చేతికి పోయిందో కువైట్‌లో ఉన్నవాడికి ఎప్పటికీ తెలియదు. దస్తావేజులో బ్యాంకు బదిలీ వివరాలు, తేదీ, సంఖ్య రాయించి, ఖాతాలో డబ్బు కనబడ్డాకే ఏజెంటు సంతకం చేయాలి.

పన్ను విషయంలో భూమి ఎక్కడుందన్నదే ప్రధానం. పురపాలికకు దూరంగా ఉన్న పల్లెలోని సాగు భూమిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా లెక్కించదు. కనుక దాని అమ్మకంపై మూలధన లాభాల పన్ను ఉండదు. జనాభా 10 వేలు దాటిన పట్టణం హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటితే 6, పది లక్షలు దాటితే 8 కిలోమీటర్లు ఆకాశమార్గాన కొలిచి ఆ లోపల ఉంటే పన్ను పడుతుంది. ఊరు ఆ గీతకు దగ్గర్లో ఉంటే దూరం గురించి ఆధారం సంపాదించుకోవాలి. పన్ను పడే భూమి అయితే, అమ్మేవాడు పన్ను చట్టం లెక్కలో ప్రవాసి కనుక కొనేవాడు మామూలుగా చేసే 1 శాతం కోత సరిపోదు. ప్రవాసికి వర్తించే పన్ను రేటు ప్రకారం కోయాలి. అసలు లాభానికి తగ్గట్టు తక్కువ కోయమని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. దానికి సమయం పడుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ వారంలో ఆలోచిస్తే లాభం లేదు.

సాగు భూమి విషయంలో ఇంకో పరిమితి ఉంది. వారసత్వంగా వచ్చిన సాగు భూమిని ప్రవాసి ఉంచుకోవచ్చు, కానీ అమ్మితే భారతదేశంలో నివసించేవారికే అమ్మాలి. సాగు భూమిని మరో ప్రవాసికి అమ్మడానికి విదేశీ మారక నియమాలు ఒప్పుకోవు. కువైట్‌లోనే ఉన్న పక్క ఊరి స్నేహితుడు కొంటానన్నా కుదరదు. వచ్చిన డబ్బును ఎన్‌ఆర్‌వో ఖాతా నుంచి విదేశానికి తెప్పించుకోవాలంటే ఒక ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు వీలుంది. బ్యాంకు అడిగే పన్ను ఫారాలకూ ధ్రువపత్రానికీ చార్టర్డ్ అకౌంటెంటు అవసరం కావొచ్చు. గల్ఫ్ కార్మికుల్లో ఎక్కువమందికి ఈ అవసరమే రాదు, డబ్బు ఊళ్లోనే ఇంటికో అప్పుకో పోతుంది.

రిజిస్ట్రేషన్ అయ్యాక మిగిలే పనులు చిన్నవే. దస్తావేజు నకలు తీసుకోవాలి. ఆ భూమికి కొత్త ఈసీ తీయించి, అందులో తన వాటా కొనుగోలుదారుకే అమ్ముడైనట్టు, దస్తావేజులో తాను ఒప్పుకున్న ధరే ఉన్నట్టు చూసుకోవాలి. పవర్‌లో స్వయంగా రద్దయ్యే వాక్యం లేకపోతే రద్దు పత్రం రాసి ఎంబసీలోనే ధ్రువీకరింపజేసి, ఒక ప్రతి ఏజెంటుకు, ఒకటి సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఆఫీసుల్లో దాఖలు చేసింది పోను అసలు పవర్ మిగిలి ఉంటే దాన్ని ఏజెంటు దగ్గర ఉంచకుండా వెనక్కి తెప్పించుకోవాలి.